వాయుగుండానికి తుఫాను అని పేరు పెడితే ఛానల్‌కి ఏమవుతుంది?

విశాఖ పెదజాలారిపేటలో ఒక కుర్రాడున్నాడు. వాళ్ల నాన్న, చిన్నాన్న ఇద్దరూ వేటకి వెళ్లేవాళ్లే. ఇతను డిగ్రీ అయ్యాక ఫోన్ పట్టుకుని యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టాడు. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం, ఏ కాలంలో ఏ చేప పడుతుంది, చిరిగిన వల ఎలా బాగుచేస్తారు, సముద్రం ఎప్పుడు ఎలా ఉంటుంది, ఇవీ అతని వీడియోలు. నేను ఎంవీపీ కాలనీలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఏదైనా చిక్కొస్తే "అన్నా" అంటూ నా దగ్గరికి వస్తాడు.

ఒక అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. విశాఖకి చాలా దూరంలో ఉంది. ఇక్కడ ఆకాశం దాదాపు నిర్మలంగా ఉంది, గాలి కూడా పెద్దగా లేదు. కానీ ఆర్కే బీచ్‌లో అలలు మామూలు కంటే ఎత్తుగా లేస్తున్నాయి. కుర్రాడు పొద్దున్నే వెళ్లి ఎనిమిది నిమిషాల వీడియో తీశాడు. అలలు, కట్టేసిన బోట్లు, వేటకి వెళ్లొద్దన్న హెచ్చరిక గురించి నాలుగు మాటలు, చివర్లో వాళ్ల నాన్నతో చిన్న సంభాషణ. వీడియో బాగుంది. నిజాయితీగా ఉంది. దానికి పెట్టిన శీర్షిక మాత్రం ఇది: "విశాఖ మునిగిపోతోంది!! ఈ రాత్రికే మహా తుఫాను!!" థంబ్‌నెయిల్ మీద 2014 నాటి హుద్‌హుద్ విధ్వంసం ఫొటో, దానిపై ఎర్ర బాణం గుర్తు. ట్యాగుల్లో పాత తుఫాన్ల పేర్లు, రెండు మూడు టీవీ ఛానళ్ల పేర్లు.

సాయంత్రానికి వ్యూస్ పరుగెత్తాయి. రాత్రి పది దాటాక గుజరాత్‌లోని వేరావల్ నుంచి వాళ్ల చిన్నాన్న కుర్రాడి అమ్మకి ఫోన్ చేశాడు. అక్కడ బోటు పనికి వెళ్లిన మన ఉత్తరాంధ్ర వాళ్లు చాలామంది ఉంటారు. ఎవరో ఆ వీడియోని వాట్సాప్‌లో పంపితే, తెరవకుండా శీర్షిక చదివి, "ఇల్లుందా వదినా? పిల్లలేరీ?" అని ఏడ్చేశాడట. తన కొడుకు వీడియో వల్లే ఆ ఫోన్ వచ్చిందని ఆ తల్లికి అప్పటికి తెలియదు.

మర్నాటికి వ్యూస్ ఆగిపోయాయి. ఆ తర్వాత మూడు వారాల పాటు వేసిన మంచి వీడియోలకి కూడా పాత స్పందన రాలేదు. "అన్నా, యూట్యూబ్ నా ఛానల్‌ని తొక్కేసింది" అంటూ వచ్చాడు. నిజంగా తొక్కిందా? తొక్కితే ఎవరు, ఎలా? చాలామంది క్రియేటర్లు ఇక్కడే రెండు వేరు వేరు విషయాలను కలిపేసి తికమక పడతారు. ఒకటి నియమాల సంగతి, రెండోది ప్రేక్షకుల సంగతి. వాటిని విడదీసే ముందు, అసలు ఆ శీర్షికలో తప్పేమిటో కచ్చితంగా చెప్పుకోవాలి. "అతి చేశాడు" అంటే సరిపోదు.

వాతావరణ శాఖ భాషలో ఈ మాటలకి కొలతలున్నాయి. గాలి వేగం గంటకి 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 దాటాకే తుఫాను అంటారు, అప్పుడే దానికి పేరు పెడతారు. హుద్‌హుద్ లాంటివి ఇంకా చాలా పై మెట్లకు చెందినవి. కాబట్టి ఆ రోజు బంగాళాఖాతంలో తుఫాను అనేదే లేదు. "మహా" అన్నది వర్ణన అనుకుని వదిలేసినా, "తుఫాను" అన్నది తప్పు. "మునిగిపోతోంది" అన్నదానికి వీడియోలో ఒక్క దృశ్యం కూడా ఆధారంగా లేదు. థంబ్‌నెయిల్ ఫొటో నిజమైనదే, కానీ ఏళ్ల కిందటిది, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. శీర్షిక ఇచ్చిన మూడు మాటల్లో ఒక్కటి కూడా వీడియో నిలబెట్టుకోలేదు.

మరి ఆసక్తి రేపడమే తప్పా? కాదు. మన పొడుపు కథలే చూడండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." ఇందులో జవాబు దాచారు, కానీ అబద్ధం చెప్పలేదు. కంటి రెప్పలు అని తెలియగానే పిల్లాడు ప్రతి ముక్కనీ వెనక్కి వెళ్లి సరిచూసుకుంటాడు. అవును, తలుపుల్లాగే మూసుకుంటాయి. అవును, చప్పుడు రాదు. అన్నీ సరిపోయాయి కాబట్టే నవ్వుతాడు, ఇంకోటి పొడవమంటాడు. అదే పొడుపు కథకి "జవాబు లేదు, ఊరికే అన్నాను" అంటే ఆ పిల్లాడు మళ్లీ మీ దగ్గర కూర్చోడు.

ఆసక్తి ఎలా పుడుతుందన్నదాని మీద జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1994లో ఒక వివరణ ఇచ్చాడు. మనకి తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకున్నదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడు ఆసక్తి పుడుతుందని దాని సారం. ఇందులో శీర్షికలు రాసేవాళ్లు పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. ఖాళీ కనబడాలంటే దానికి ఒక ఒడ్డు ఉండాలి. అంటే చూసేవాడికి ముందు కొంత తెలియాలి. "బీచ్‌లో ఏం జరిగిందో చూస్తే షాక్ అవుతారు" అన్న శీర్షికలో తెలిసిన సంగతి ఒక్కటీ లేదు, కాబట్టి అక్కడ ఆసక్తి కంటే ఆందోళనే ఎక్కువ. "గాలి లేదు, వాన లేదు, మరి అలలెందుకు లేచాయి?" అన్నప్పుడు రెండు నిజాలు ముందే చేతిలో పెట్టి, మూడోదాన్ని అడిగినట్టు. ఇది పొడుపు కథే. నా దృష్టిలో నిజాయితీ గల శీర్షికకి పరీక్ష ఇదొక్కటే: వీడియో అయ్యాక శీర్షికని మళ్లీ చదివితే ప్రతి మాటా సరిపోవాలి.

ఇక యంత్రం సంగతికి వద్దాం. మీ శీర్షిక అబద్ధమని యూట్యూబ్‌కి ఎలా తెలుస్తుంది? చాలా సందర్భాల్లో ముందుగా చెప్పేది ప్రేక్షకులే. మాటలతో కాదు, చేతలతో.

వరసగా చూద్దాం. మీ థంబ్‌నెయిల్ ఎవరి తెర మీదైనా కనీసం సగం భాగం ఒక సెకనుకి మించి కనబడితే దాన్ని ఒక ఇంప్రెషన్‌గా లెక్కేస్తారు. అలా చూసినవాళ్లలో నూటికి ఎంతమంది నొక్కారన్నది క్లిక్ త్రూ రేటు, మనవాళ్లు సీటీఆర్ అంటారు. యూట్యూబ్‌లో సగం ఛానళ్లకీ వీడియోలకీ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని ఆ సంస్థే చెబుతుంది. నొక్కాక ఎంతసేపు ఉన్నారన్నది ఆ తర్వాతి సంగతి. 2012 వరకు సిఫార్సులకు క్లిక్కులే ప్రధానంగా ఉండేవి. అప్పట్లో థంబ్‌నెయిల్ మోసాలు విపరీతంగా పెరిగాకే వాచ్ టైమ్‌కి, అంటే చూసిన సమయానికి, పెద్దపీట వేశారు. ఆ తర్వాత "ఈ వీడియో మీకు నచ్చిందా?" అని కొందరిని అడిగే సర్వేలు కూడా లెక్కలోకి వచ్చాయి.

ఒక లెక్క వేద్దాం. అంకెలు సులువుగా ఉండటానికి గుండ్రంగా తీసుకుంటున్నాను. ఎనిమిది నిమిషాల వీడియో ఒకటి పది వేల ఇంప్రెషన్లు పొందిందనుకోండి. "మునిగిపోతోంది" శీర్షికతో 9 శాతం మంది, అంటే 900 మంది నొక్కారు. మునిగిన ఊరు కనిపించక సగటున 40 సెకన్లకే వెళ్లిపోయారు. మొత్తం 36,000 సెకన్లు, అంటే పది గంటలు. అదే వీడియోకి "అలలెందుకు లేచాయి?" అని పెడితే 4 శాతం మంది, అంటే 400 మందే నొక్కారు. కానీ వాళ్లు జవాబు కోసం కూర్చున్నారు, సగటున మూడున్నర నిమిషాలు చూశారు. మొత్తం 84,000 సెకన్లు, అంటే ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలు. సగం కంటే తక్కువ మంది వచ్చినా రెండు రెట్లకి పైగా చూశారు.

ప్రకటనల ఆదాయానికి అర్హత రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలన్నది ఒక దారి. మొదటి రకం వీడియోలతో ఆ గంటలు చేరడానికి అలాంటివి 400 కావాలి. రెండో రకంతో 172 చాలు. ఈ లెక్క చూపించినప్పుడు కుర్రాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వ్యూస్ అంకె ఒక్కటే చూస్తూ వచ్చాడు కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సీటీఆర్ ఎక్కువగా ఉంటే మోసమని, తక్కువగా ఉంటే నిజాయితీ అని కాదు. వీడియో కొత్తగా వచ్చినప్పుడు ఎక్కువగా మన సబ్‌స్క్రైబర్లకే కనబడుతుంది, వాళ్లు మనల్ని ఎరిగినవాళ్లు, నొక్కుతారు. అది ముక్కూముఖం తెలియనివాళ్ల హోమ్ పేజీకి చేరేకొద్దీ ఇంప్రెషన్లు పెరుగుతాయి, శాతం తగ్గుతుంది. అది మంచి వీడియోకి కూడా జరుగుతుంది. అలాగే త్వరగా వెళ్లిపోయారంటే మోసపోయారనీ కాదు. సింహాచలంలో ఈ రోజు దర్శనం వేళలు చెప్పే వీడియోకి వచ్చినవాడు ఇరవై సెకన్లలో సంగతి తెలుసుకుని సంతోషంగా వెళ్లిపోవచ్చు.

మరి తేడా ఎలా కనిపెట్టాలి? యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకీ, ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గీత ఉంటుంది. మొదటి 30 సెకన్ల తర్వాత ఇంకా ఎంతమంది ఉన్నారో అందులో విడిగా చూపిస్తుంది. కుర్రాడి వీడియో గీత కైలాసగిరి కొండ అంచు లాగా మొదట్లోనే నిట్టనిలువుగా పడిపోయింది. అయితే మొదట్లో పడిపోవడానికి సాగదీసిన ఉపోద్ఘాతం కూడా కారణం కావచ్చు. "హాయ్ ఫ్రెండ్స్, మన ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అంటూ నిమిషం తినేస్తే నిజాయితీ గల వీడియోకి కూడా అలాగే అవుతుంది. అందుకే గీతని చివరి దాకా చూడాలి. సాగదీత కారణమైతే, మిగిలినవాళ్లు ఆ తర్వాత కుదురుగా చూస్తారు, గీత చదునుగా సాగుతుంది. శీర్షిక కారణమైతే, ఉన్న కొద్దిమంది కూడా ముందుకి జరుపుకుంటూ వెతుకుతారు. ఎక్కడ చూసినా దొరకదు, గీత జారుతూనే ఉంటుంది.

కుర్రాడి గీతలో ఇంకో వింత కనబడింది. ఆరో నిమిషం దగ్గర చిన్న గుట్ట లేచింది. అక్కడున్నది వాళ్ల నాన్న మాటలు. గాలే లేకుండా అలలెలా వస్తాయని కొడుకు అడిగితే, ఆయన చేత్తో దూరాన్ని చూపిస్తూ, ఆ గాలి ఇక్కడిది కాదు, అక్కడ కొట్టింది, అల ముందొచ్చింది, గాలి వస్తే వెనకొస్తుంది, రాకపోతే లేదు అంటాడు. శాస్త్రం చెప్పేదీ అదే. దూరంగా వీచిన గాలి పుట్టించిన పొడవైన అలలు, ఆ వాయుగుండం కంటే వేగంగా ప్రయాణించి ముందే తీరాన్ని చేరతాయి. తప్పుడు శీర్షిక చూసి వచ్చినవాళ్లలో కూడా ఆగినవాళ్లు ఆగింది అక్కడే, వెనక్కి జరిపి మళ్లీ విన్నదీ అక్కడే. అసలు శీర్షిక ఆ గుట్ట కింద దాగి ఉంది. రిటెన్షన్ గీతని నేను ఇంత ఇష్టంగా చూడటానికి కారణం ఇదే. మన వీడియోలో జనానికి నిజంగా ఆసక్తి కలిగించిందేమిటో అది చూపిస్తుంది.

ఇప్పుడు అతను అడిగిన ప్రశ్న: ఛానల్‌ని తొక్కేశారా? స్టూడియోలో చూశాం. హెచ్చరిక లేదు, స్ట్రైక్ అనే శిక్షా లేదు. నియమాల ప్రకారం ఛానల్ శుభ్రంగానే ఉంది. మరి తర్వాతి వీడియోలు ఎందుకు నీరసపడ్డాయి?

యూట్యూబ్ చెప్పే ప్రకారం సిఫార్సు వ్యవస్థ ప్రతి ప్రేక్షకుడి చుట్టూ తిరుగుతుంది. ఈ మనిషి ఇంతకు ముందు ఏం చూశాడు, ఎక్కడ వదిలేశాడు, ఏ వీడియో మీద 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కాడు, ఏ ఛానల్ మీద 'డోంట్ రికమెండ్ ఛానల్' నొక్కాడు, ఇవన్నీ ఆ మనిషి లెక్కలోకి వెళ్తాయి. మోసపోయి పది సెకన్లలో బయటికొచ్చిన మనిషికి మళ్లీ అదే ఛానల్ వీడియో చూపించాలన్న ఉత్సాహం యంత్రానికి తగ్గుతుంది. చూపించినా, ఆ మనిషి ఛానల్ పేరు గుర్తుపట్టి నొక్కడు. ఇందులో శిక్ష లేదు, కక్ష లేదు. వందల మంది విడివిడిగా తీసుకున్న చిన్న నిర్ణయాలు కలిసి ఛానల్ మీద బరువుగా కూర్చున్నాయి. అందుకే ఇలాంటి నష్టం మీద అప్పీలు చేసుకోవడానికి ఎక్కడా బటన్ ఉండదు. స్ట్రైక్‌కి గడువుంటుంది, మాట పోతే గడువుండదు.

ఇంకో నష్టం కూడా జరిగింది, అది ఎవరికీ వెంటనే కనబడదు. ఆ రాత్రి వచ్చిన కొత్త సబ్‌స్క్రైబర్లు విపత్తు వార్తల కోసం వచ్చినవాళ్లు. వాళ్లకి చేపల వేలం అక్కర్లేదు. తర్వాతి వీడియో వేసినప్పుడు అది ముందు చేరేది వాళ్లలో కొందరికి. వాళ్లు నొక్కరు. సబ్‌స్క్రైబర్ల అంకె పెరిగి, స్పందన తగ్గడం వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

ఇక నియమాల సంగతి. ఇది పూర్తిగా వేరే దారి, ఇక్కడ శిక్షలు నిజంగానే ఉన్నాయి. శీర్షిక, థంబ్‌నెయిల్, వివరణలతో వీడియోలో లేనిది ఉన్నట్టు నమ్మించడాన్ని యూట్యూబ్ స్పామ్, మోసపూరిత పద్ధతుల విధానం కింద నిషేధించింది. ఇంగ్లిష్‌లో వీటన్నిటినీ కలిపి మెటాడేటా అంటారు, వీడియో గురించి చెప్పే సమాచారం అని అర్థం. మొదటిసారి దొరికితే మామూలుగా హెచ్చరికతో సరిపెడతారు. ఆ విధానం మీద చిన్న శిక్షణ పూర్తి చేస్తే 90 రోజుల తర్వాత ఆ హెచ్చరిక పోతుంది. ఈలోగా మళ్లీ అదే తప్పు చేస్తే స్ట్రైక్. మొదటి స్ట్రైక్‌కి వారం రోజులు వీడియోలు వేయలేరు. 90 రోజుల్లో రెండోది పడితే రెండు వారాలు. ఆ వ్యవధిలోనే మూడోది పడితే ఛానలే పోతుంది. వీడియో తీసేస్తే స్ట్రైక్ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు.

మన దేశం సంగతికొస్తే 2024 డిసెంబరులో ఒక ప్రత్యేక ప్రకటన వచ్చింది. శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో చెప్పినది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా అది తాజా వార్తలకి, వర్తమాన పరిణామాలకి సంబంధించినదైతే, అలాంటి తీవ్రమైన క్లిక్‌బెయిట్ మీద భారత్‌లో చర్యలు గట్టి చేస్తామని యూట్యూబ్ చెప్పింది. మొదట్లో స్ట్రైక్ వేయకుండా వీడియోలు తీసేస్తామని, కొత్తగా వేసే వీడియోల మీద ముందు దృష్టి పెడతామని కూడా చెప్పింది. రాష్ట్రపతి రాజీనామా చేశారని శీర్షిక పెట్టి, లోపల ఆ ఊసే లేకపోవడం లాంటి ఉదాహరణ ఇచ్చింది. రాని తుఫాను వచ్చేసిందనడం దీనికి ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. వార్తల విషయంలో ఈ గీత బిగించడం నాకు సబబుగానే అనిపిస్తుంది. వంట వీడియోకి "ఇలా చేస్తే గిన్నె నాకేస్తారు" అని పెడితే పోయేదేమీ లేదు. తుఫాను విషయంలో అబద్ధం చెబితే వేరావల్‌లో ఒక మనిషికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

మానిటైజేషన్ దగ్గర, అంటే ప్రకటనల ఆదాయం దగ్గర, ఈ రెండు దారులూ కలుస్తాయి. ఛానల్ అర్హత చేరాక మనుషులు చేసే సమీక్షలో ఎక్కువమంది చూసిన వీడియోలు, కొత్త వీడియోలు, వాచ్ టైమ్‌లో పెద్ద వాటా ఉన్నవి చూస్తారు. వాటితో పాటు శీర్షికలు, థంబ్‌నెయిళ్లు, వివరణలు కూడా చూస్తారు. ఎక్కువ వ్యూస్ వచ్చిన వీడియోకే అబద్ధపు శీర్షిక ఉంటే, సమీక్షకి కూర్చున్నవాళ్ల కళ్ల ముందు మొదట పడేది అదే. ప్రకృతి వైపరీత్యాన్ని సొమ్ము చేసుకునేలా ఉన్న వీడియోలకి ప్రకటనలు రాకపోవచ్చని ప్రకటనకర్తల మార్గదర్శకాల్లో విడిగా ఉంది.

ట్యాగుల గురించి రెండు మాటలు చాలు. వీడియో కనబడటంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతుంది. జనం తరచూ తప్పుగా టైప్ చేసే పేర్లకి అవి కొంచెం పనికొస్తాయి. పాత తుఫాన్ల పేర్లు, టీవీ ఛానళ్ల పేర్లు వేసుకుంటే లాభం లేదు, తప్పు మాత్రం మిగులుతుంది. ఆ ట్యాగుల గుంపుని వివరణలో కింద అతికించడం నియమాల్లో పేరుపెట్టి నిషేధించిన పని. హ్యాష్‌ట్యాగులు అరవై దాటితే అన్నింటినీ పట్టించుకోవడం మానేస్తారు. వివరణ పెట్టెలో ఐదు వేల అక్షరాల చోటుంది. అందులో ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ బీచ్‌లో తీశారో ఒక్క వాక్యం రాస్తే, వాతావరణం వీడియోకి అంతకు మించిన మెటాడేటా లేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని పాత వీడియోని సరిచేశాం. శీర్షిక: "గాలి లేదు, వాన లేదు, మరి అలలెందుకు లేచాయి? ఆర్కే బీచ్, వాయుగుండం రోజు". శీర్షికకి వంద అక్షరాల హద్దుంది, ఇది అందులో సరిపోయింది. థంబ్‌నెయిల్‌కి అదే రోజు తీసిన ఫ్రేమ్ ఎంచుకున్నాం. నిర్మలమైన ఆకాశం, కింద ఎగిసిన అల, ఆ రెండూ ఒకే ఫొటోలో ఉంటే ప్రశ్న దానంతటదే పుడుతుంది. నాన్న మాటల్లోంచి మొదటి సగాన్ని, "ఆ గాలి ఇక్కడిది కాదు" అన్న ముక్కని, వీడియో మొదట్లోకి తెద్దామన్నాను. కానీ ఒకసారి వేశాక వీడియోలో ముక్కలు కత్తిరించగలం గానీ, కొత్తది ముందుకి చేర్చలేం. కాబట్టి ఉపోద్ఘాతం కత్తిరించి ఊరుకున్నాం. ఆ ఆలోచన తర్వాతి వీడియోకి మిగిలింది.

మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చి చూసే సదుపాయం స్టూడియోలో ఉందని కూడా చూపించాను. అందులో గెలుపుని నిర్ణయించేది క్లిక్కుల సంఖ్య కాదు, ఏ థంబ్‌నెయిల్ వల్ల ఎక్కువ వాచ్ టైమ్ వచ్చిందన్నదే. యూట్యూబ్ దేన్ని కోరుకుంటుందో ఆ ఒక్క ఏర్పాటులోనే తెలిసిపోతుంది.

పాత వీడియో మళ్లీ పరుగెత్తలేదు. మొదట వచ్చినవాళ్లు వదిలేసి వెళ్లిన తీరు శీర్షిక మార్చినంత మాత్రాన చెరిగిపోదు, ఆ సంగతి అతనికి ముందే చెప్పాను. అయినా నెమ్మదిగా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరు తగిలారు. సెర్చ్ ద్వారా వచ్చినవాళ్లు ఏం టైప్ చేసి వచ్చారో అనలిటిక్స్‌లో కనబడుతుంది. పాత శీర్షిక ఉన్నప్పుడు అక్కడ తుఫాన్ల పేర్లుండేవి. ఇప్పుడు "సముద్రంలో అలలు ఎందుకు వస్తాయి" లాంటి మాటలు కనబడటం మొదలైంది.

తర్వాతి నెలలో మళ్లీ వాయుగుండం పట్టింది. ఈసారి ఓడరేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పొద్దున ఆరింటికి కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, శీర్షిక ఇలా రాశాను, విను: 'ఒకటో నంబరు హెచ్చరిక అంటే బోటు వాళ్లు ఏం చేస్తారు? ఫిషింగ్ హార్బర్, నవంబరు'. బాగుందా?" అన్నాడు. ఒకటో నంబరు అంటే దూరంగా వాయుగుండం ఉందన్న ముందుజాగ్రత్త సూచన అని వీడియోలో చెప్పావా అని అడిగాను. రెండో నిమిషంలోనే ఉందన్నాడు. సాయంత్రం అది బలపడి తుఫానైతే ఏం చేద్దామన్నాడు. నిజంగా అయితే అప్పుడు శీర్షికలో తుఫాను అనే రాద్దాం, పేరు పెట్టాక ఆ పేరు కూడా చేరుద్దాం అన్నాను.

అవలేదు. రాత్రికి అది బలహీనపడింది. పడుకునే ముందు స్టూడియో తెరిచి, వివరణలో మొదటి వాక్యానికి పైన అతనే ఒక వాక్యం చేర్చాడు: "తాజా సమాచారం: వాయుగుండం బలహీనపడింది, విశాఖకి ముప్పు లేదు." ఆ లింకుని వేరావల్‌లో చిన్నాన్నకి వాళ్లమ్మ చేతే పంపించాడు.